180 అంటే ఎంత వేడి?



మా తొండియార్‌పేటలో అంటువ్యాధుల ఆస్పత్రి ఉంది. ఉత్తర చెన్నైలో పెరిగినవాళ్లకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ ఆస్పత్రిలో ఒక తల్లి "పిల్లాడికి రాత్రి నుంచి 102 ఉందండీ" అంటే, ఏ 102 అని ఎవరూ అడగరు. అది ఫారెన్‌హీట్ అని అందరికీ తెలుసు. ఆ తల్లే ఇంటికొచ్చి టీవీ పెడితే "చెన్నైలో రేపు 38 డిగ్రీలు" అని వినిపిస్తుంది. అది సెల్సియస్. దాన్నీ ఎవరూ అడగరు. ఒకే ఇంట్లో, ఒకే రోజున, రెండు వేరు వేరు కొలతలు పేరు చెప్పకుండానే నడిచిపోతున్నాయి. ఎవరికీ ఇబ్బంది లేదు.

ఎందుకు లేదంటే, రెండో అర్థానికి అక్కడ చోటు లేదు. 102 సెల్సియస్ అంటే నీళ్లు మరిగే వేడి కంటే ఎక్కువ, మనిషి ఒంట్లో అది ఉండే వీలు లేదు. 38 ఫారెన్‌హీట్ అంటే సుమారు 3 సెల్సియస్. చెన్నైలో ఆ చలి ఎవరూ చూడలేదు. ఒక అర్థం అసాధ్యమైనప్పుడు అంకె తన కొలత ఏమిటో తానే చెప్పేస్తుంది. వంటింట్లో ఓవెన్ దగ్గరికి వచ్చేసరికి ఈ ధీమా పనిచేయదు. అక్కడ కొన్ని అంకెలకు రెండు అర్థాలూ సాధ్యమే. రెండూ వంటకు పనికొచ్చే వేడులే. ఈ పూట మీతో చెప్పాలనుకున్నది ఆ అంకెల గురించే.

ముందు ఈ రెండు కొలతలు ఎక్కడివో క్లుప్తంగా చెబుతాను. డేనియల్ గాబ్రియేల్ ఫారెన్‌హీట్ తన కొలతను 1724లో ప్రకటించాడు. ఇవాళ వాడుకలో ఉన్న రూపంలో మంచు 32 దగ్గర కరుగుతుంది, నీళ్లు 212 దగ్గర మరుగుతాయి. స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ సెల్సియస్ 1742లో ఈ రెండింటి మధ్య దూరాన్ని నూరు భాగాలు చేశాడు. ఆయన మొదట మరిగే చోట సున్నా, గడ్డకట్టే చోట నూరు పెట్టాడు, తర్వాత దాన్ని తిరగేశారు. మన దేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతల్లోకి మారింది. వాతావరణం మారింది, బడి పుస్తకాలు మారాయి, జ్వరం మాత్రం ఇళ్లలో ఫారెన్‌హీట్‌లోనే ఉండిపోయింది. మన దగ్గర అమ్మే ఓవెన్లు సెల్సియస్‌లో వస్తాయి. అమెరికాలో ఓవెన్లు ఇప్పటికీ ఫారెన్‌హీట్‌లోనే నడుస్తాయి. ఈ చివరి రెండు వాక్యాలూ గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా వీటి మధ్యనే.

తొండియార్‌పేట, పక్కన వాషర్‌మన్‌పేట, రాయపురం, కొరుక్కుపేట తరతరాలుగా తెలుగు ఇళ్లున్న ప్రాంతాలు. సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారి పేరున వెలసిన కాలేజీ ఇక్కడిదే. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నారు, న్యూజెర్సీలో ఉన్నారు. ఒకప్పుడు ఊరగాయ జాడీలు వెళ్లేవి, ఇప్పుడు వాటితోపాటు ఫోన్‌లో వంటలు వెళుతున్నాయి, అటునుంచి వస్తున్నాయి కూడా. అమెరికాలో ఉన్న తెలుగు అమ్మాయి వంట వీడియోలో "350లో పెట్టండి" అంటుంది. ఇక్కడి అమ్మ "180లో పెట్టు" అంటుంది. ఇద్దరూ చెప్పింది దాదాపు ఒకే వేడి. ఇద్దరూ కొలత పేరు చెప్పలేదు. ఇద్దరిదీ తెలుగే కాబట్టి, మాట విని ఇది ఏ దేశపు ఓవెనో పోల్చుకునే వీలు కూడా లేదు.

ఒక ఇంటి సంగతి చెబుతాను. తల్లి ఇక్కడ, కూతురు డల్లాస్‌లో. అల్లుడి పుట్టినరోజుకు కూతురు కేకు చేయాలనుకుంది. తల్లి తన లెక్క ఫోన్‌లో చెప్పింది. మైదా 200 గ్రాములు, వెన్న 200, పంచదార 200, గుడ్లు నాలుగు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు. ఎనిమిది అంగుళాల గిన్నె. 180లో నలభై నిమిషాలు. కూతురు అన్నీ రాసుకుంది, అన్నీ సరిగ్గా తూచింది. నలభై నిమిషాల తర్వాత ఫోన్ చేసింది.

"అమ్మా, కేకు ఇంకా పిండిలాగే ఉందమ్మా."

"180లోనే పెట్టావుగా?"

"180లోనే పెట్టాను. ముందు ఓవెన్ వేడి కూడా చేశాను, బీప్ వచ్చాకే గిన్నె లోపల పెట్టాను."

"అయితే ఇంకో పది నిమిషాలు ఉంచి చూడమ్మా."

పది నిమిషాల తర్వాత మళ్లీ అదే మాట. పైన పలచని పొర కట్టింది, గిన్నె కదిపితే లోపల అలలాగా కదులుతోంది. అప్పుడు ఆ తల్లి ఒక మంచి ప్రశ్న అడిగింది.

"తలుపు తీస్తే సెగ మొహానికి కొడుతోందా?"

"కొట్టట్లేదమ్మా. వెచ్చగా ఉంది, అంతే."

విషయం అక్కడ బయటపడింది. అమెరికా ఓవెన్‌లో 180 అంటే 180 ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో అది 82. నీళ్లు కూడా మరగని వేడి.

ఇక్కడ మనం గమనించాల్సింది ఏమిటంటే, ఆ ఓవెన్ అభ్యంతరం చెప్పలేదు. అమెరికా ఇళ్లలో ఉండే ఓవెన్లు సాధారణంగా 170 ఫారెన్‌హీట్ నుంచి 550 దాకా పనిచేస్తాయి. వండినది చల్లారకుండా ఉంచడానికి, ఏదైనా మెల్లగా ఆరబెట్టడానికి ఆ కింది అంకెలు పెట్టారు. అందుకని 180 నొక్కితే అది మామూలుగా తీసుకుంటుంది, వేడెక్కుతుంది, బీప్ కొడుతుంది. తప్పు జరిగిందని చెప్పే గుర్తు తెరమీద ఒక్కటీ ఉండదు. ఇటువైపు సంగతి వేరు. అక్కడి నుంచి 350 అని వస్తే, మన టేబుల్ మీద ఉండే ఓటీజీ నాబ్ మీద ఆ అంకె ఉండదు. చాలావాటిలో 250 దగ్గర ఆగిపోతుంది, కొన్నిటిలో 230 దగ్గరే. నాబ్ ఇక తిరగకపోవడమే ఒక హెచ్చరిక. అందువల్ల అమెరికా నుంచి ఇటు వచ్చే అంకె కంటే, ఇక్కడి నుంచి అటు వెళ్లే అంకెతోనే ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. దీన్ని గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది ఇది అమెరికా వంటలు చేసుకునేవాళ్ల ఇబ్బంది అనుకుంటారు. వంట చెప్పి పంపే మన అమ్మల చేతిలోనే దీని మూలం ఉంది.

ఆ 82 డిగ్రీల్లో కేకుకు ఏమైందో చూద్దాం. కేకు పిండిలో వెన్న ముప్ఫై అయిదు డిగ్రీల దగ్గరే కరిగిపోతుంది. బేకింగ్ పౌడర్ తడి తగిలినప్పుడు కొంత గాలి వదులుతుంది, వేడి తగిలినప్పుడు మిగతాది వదులుతుంది. ఆ గాలి బుడగలు పిండిలో నిలబడాలంటే, అవి పుట్టే సమయానికి చుట్టూ ఉన్న గుడ్డూ మైదా గట్టిపడుతూ ఉండాలి. మామూలు గుడ్డు డెబ్బై డిగ్రీల ప్రాంతంలో గట్టిపడుతుంది గాని, ఇంత పంచదార కలిసినప్పుడు ఆ మెట్టు పైకి జరుగుతుంది. మైదాలోని పిండిపదార్థం ఉబ్బడానికి కూడా పంచదార అడ్డం పడి ఇంకా ఎక్కువ వేడి అడుగుతుంది. కేకు పూర్తిగా ఉడికినప్పుడు నడుమ భాగం 95 దాటి ఉంటుంది. చుట్టూ ఉన్న గాలే 82 అయితే నడుమకు 95 ఎక్కడి నుంచి వస్తుంది? పైగా పిండి పైనుంచి తడి ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది, కాబట్టి లోపల ఆ 82 కూడా చేరదు. గాలి పుట్టింది, పుట్టినది పుట్టినట్టు పైకి పోయింది, నిలబెట్టే గోడలు తయారు కాలేదు.

ఆ అమ్మాయి అప్పుడు ఓవెన్‌ను 350కి పెంచి, ఇంకో ముప్పావుగంట ఉంచింది. కేకు ఉడికింది, రంగూ వచ్చింది. ఎత్తు రాలేదు, కోస్తే నిండుగా, బరువుగా, మైసూరుపాకు ముక్కలా ఉంది. తినడానికి ఇబ్బంది లేదు. ఇదే తప్పు పది నిమిషాల్లో తెలిస్తే వేడి పెంచేస్తే చాలు, పెద్ద నష్టం ఉండదు. నలభై నిమిషాలు గడిచాక ఎత్తు మాత్రం తిరిగి రాదు, దాన్ని ముందే ఒప్పుకుని మిగతాది కాపాడుకోవాలి.

కోడిమాంసమైతే ఇంత తేలిగ్గా తీసుకోకూడదు. నాలుగు నుంచి అరవై సెల్సియస్ మధ్య ఉన్న మాంసంలో క్రిములు వేగంగా పెరుగుతాయి. 180 సెల్సియస్ అనుకుని 180 ఫారెన్‌హీట్‌లో పెట్టిన కోడికాలు ఆ మధ్య మెట్ల మీద చాలాసేపు గడుపుతుంది. పైన మసాలా ఆరి, ఉడికినట్టు కనిపించవచ్చు. ఎముక దగ్గర 74 సెల్సియస్, అంటే 165 ఫారెన్‌హీట్ చేరితేనే అది ఉడికినట్టు. వంటగది థర్మామీటర్ గుచ్చి చూడకుండా రుచి చూడకండి. రెండు గంటలకు మించి అలా వెచ్చగా ఉండిపోయిన మాంసాన్ని మళ్లీ వేడి చేసి వాడకండి, పారేయండి.

ఇప్పుడు రెండో దారి. అమెరికా వీడియోలోని 350 మన ఇంటికి వచ్చింది. నాబ్ 250 దగ్గర ఆగింది. ఇక్కడ కొందరు చేసే పని, "ఉన్నంతలో ఎక్కువ పెడదాం" అని 250లోనే ఉంచడం. ఆ 250 సెల్సియస్ ఫారెన్‌హీట్‌లో 482. అడిగిన వేడికంటే నూట ముప్ఫై ఫారెన్‌హీట్ ఎక్కువ. కేకు అంచులు అయిదారు నిమిషాల్లో బిగుసుకుంటాయి, పైన రంగు ముదురుతుంది, లోపలి పచ్చిపిండి ఇంకా పొంగుతూ దారిలేక నడినెత్తిన పగిలి బయటికి వస్తుంది. పైన మాడిన వాసన, లోపల పుల్లకు పచ్చిపిండి. ఈ గుర్తులు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది పిండిని కాదు, అంకెను. సరైన అంకె ఇక్కడ 175 లేదా 180.

లెక్క ఎలాగంటారా? పద్ధతి ప్రకారం ఫారెన్‌హీట్ అంకెలోంచి 32 తీసేసి, మిగిలినదాన్ని అయిదుతో హెచ్చవేసి తొమ్మిదితో భాగించాలి. 350లోంచి 32 పోతే 318, దాన్ని అయిదు పెట్టి హెచ్చవేస్తే 1590, తొమ్మిదితో భాగిస్తే 176, పైన కాస్త. ఇది స్టవ్ దగ్గర నిలబడి చేసే లెక్క కాదు. ఓవెన్ అంకెలకు ఇంకో తేలిక దారి ఉంది. సగం చేయండి. 350లో సగం 175. అసలు విలువ దాదాపు 177. 300లో సగం 150, అసలుది 149. 400లో సగం 200, అసలుది 204. సరిగ్గా 320 ఫారెన్‌హీట్ దగ్గర, అంటే 160 సెల్సియస్ దగ్గర, ఒకటి రెండోదానికి ఖచ్చితంగా రెట్టింపు. అక్కడి నుంచి పైకి వెళ్లేకొద్దీ సగం కాస్త తక్కువ చూపిస్తుంది, కిందికి వెళ్లేకొద్దీ కాస్త ఎక్కువ చూపిస్తుంది. 450 దగ్గర ఏడు డిగ్రీలు తేడా వస్తుంది. మన ఓటీజీల నాబ్‌లే పది ఇరవై డిగ్రీలు అటూ ఇటూ చూపిస్తాయి కాబట్టి ఈ తేడా కేకుకు తెలియదు. కానీ ఈ సగం లెక్కను ఓవెన్ దాటి జ్వరానికో వాతావరణానికో వాడకండి. 100 జ్వరంలో సగం 50 అవుతుంది, అసలు విలువ 38కి కాస్త తక్కువ. అక్కడ పనికిరాదు.

ఇంతవరకూ తేలికైన అంకెలే. 300కి పైన ఉంటే ఇంటి వంటలో అది ఫారెన్‌హీటే అనుకోవచ్చు. రాతి మీద కాల్చే పిజ్జా పొయ్యిలు 400 సెల్సియస్ దాటతాయి గాని అవి మన టేబుల్ మీదికి రావు. చిక్కంతా దానికి కింద ఉన్న అంకెలతో వస్తుంది, ముఖ్యంగా 200 నుంచి 250 వరకు. వీటికి రెండు అర్థాలూ నిజమైన వంటలే.

200 తీసుకోండి. వెజిటబుల్ పఫ్‌లు 200 సెల్సియస్‌లో ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు కాలతాయి. పొరల మధ్య వెన్నలోని తడి ఒక్కసారిగా ఆవిరై పొరలను విడదీయాలి, అందుకు ఆ వేడి కావాలి. గుడ్డు తెల్లసొన గిలకొట్టి పంచదార కలిపి చేసే మెరింగులు 200 ఫారెన్‌హీట్‌లో, అంటే 93 సెల్సియస్‌లో, గంటన్నర రెండు గంటలు ఆరతాయి. వాటిని కాల్చడం కాదు, ఆరబెట్టడం. ఇప్పుడు మెరింగు వంటలో "200" అని మాత్రమే రాసి ఉంటే, మన ఓటీజీలో ఆ అంకె ఉంది కాబట్టి నాబ్ అడ్డు చెప్పదు. 200 సెల్సియస్‌లో పెడితే తెల్లగా ఉండాల్సినవి కొద్ది నిమిషాల్లోనే ఎర్రబడి, పావుగంటకల్లా మాడుతూ ఉంటాయి. అలాగే 225. రొట్టె 225 సెల్సియస్‌లో అరగంట కాలుతుంది. అమెరికాలో మాంసాన్ని 225 ఫారెన్‌హీట్‌లో, అంటే 107 సెల్సియస్‌లో, గంటల తరబడి మెల్లగా ఉడికిస్తారు.

తేడా ఎలా పట్టాలి? వేడి పక్కనే రాసి ఉన్న సమయాన్ని చూడండి. 200, 225, 250 పక్కన ఇరవై నిమిషాలో నలభై నిమిషాలో ఉంటే అది సెల్సియస్. అదే అంకె పక్కన రెండు గంటలో నాలుగు గంటలో ఉంటే అది ఫారెన్‌హీట్. ఒక చిన్న బిస్కెట్టు రెండు గంటలు 200 సెల్సియస్‌లో నిలవదు. ఒక కోడి అరగంటలో 225 ఫారెన్‌హీట్‌తో ఉడకదు. వేడి, సమయం, వంటకం ఈ మూడూ కలిపి చదివితే చాలావరకు ఒక్క అర్థమే మిగులుతుంది. నాకు తెలిసి ఇంతకంటే నమ్మదగిన పరీక్ష లేదు.

అంకె ఆకారం కూడా కొంత చెబుతుంది. ఫారెన్‌హీట్‌లో రాసేవాళ్లు ఇరవై అయిదేసి మెట్లు ఎక్కుతారు: 325, 350, 375. సెల్సియస్‌లో రాసేవాళ్లు పదేసి ఎక్కుతారు: 160, 170, 180, 190. కప్పులు, అంగుళాలు చూసి మాత్రం నిర్ణయానికి రావద్దు. కప్పు లెక్క ఉంటే అమెరికా వంట అని కొందరు చెబుతారు. చెన్నైలో ఇంటి బేకింగ్ నేర్పేవాళ్లు కూడా కప్పుతోనే కొలుస్తారు, గిన్నెను అంగుళాల్లోనే చెబుతారు. ఆ గుర్తు మన దగ్గర నిలవదు. వెన్నను "ఒక స్టిక్" అంటే అది అమెరికా మాటే, 113 గ్రాములు.

వంట ఏ దేశానిదో తెలిసినా ఒక్కోచోట జాగ్రత్త పడాలి. కెనడా 1975లోనే వాతావరణాన్ని సెల్సియస్‌లోకి మార్చింది. కానీ అక్కడి ఇళ్లలో ఓవెన్లు చాలావరకు ఫారెన్‌హీట్‌లోనే ఉన్నాయి. టొరంటోలో ఉన్న మీ తమ్ముడు "బయట మైనస్ పది" అని సెల్సియస్‌లో చెప్పి, అదే నోటితో "ఓవెన్ 350" అని ఫారెన్‌హీట్‌లో చెబుతాడు. బ్రిటన్ నుంచి వచ్చిన పాత వంటపుస్తకంలో అయితే 4, 6 లాంటి చిన్న అంకెలు కనిపిస్తాయి. అవి గ్యాస్ పొయ్యి నాబ్ మీది గుర్తులు. 4 అంటే 180 సెల్సియస్, 6 అంటే 200.

చిన్న అంకెల్లో ఇంకొకటి మన ఇళ్లకు దగ్గరిది, పెరుగు. అమెరికా చలికాలంలో పెరుగు తోడుకోక అక్కడి తెలుగువాళ్లు పాలను థర్మామీటర్‌తో చూసి "110కి చల్లారాక తోడు వేయండి" అంటారు. అది ఫారెన్‌హీట్. సెల్సియస్‌లో 43. వేలు పెట్టి ఓర్చుకోగలిగిన వేడి, మన అమ్మమ్మలు వేలితో చూసిన వేడే. మన కన్వెక్షన్ మైక్రోవేవ్‌లలో పులియబెట్టడానికి 40 అనే అంకె ఉంటుంది, అది సెల్సియస్. దాని తర్వాతి మెట్టు సాధారణంగా 100 లేదా 110. వీడియోలో విన్న 110ని అక్కడ పెట్టి తోడు వేసిన పాలను లోపల ఉంచితే, తోడులోని జీవం చచ్చిపోయి పాలు విరిగిపోతాయి.

వంటలోని అంకెను తేల్చుకున్నాక, మీ ముందున్న ఓవెన్ ఏ కొలతలో ఉందో కూడా తేల్చుకోవాలి. తిప్పే నాబ్ ఉన్నవాటిలో అంకెల పక్కన గుర్తు ముద్రించి ఉంటుంది, చూస్తే చాలు. తెరమీద అంకె వచ్చే ఓవెన్లలో, ఎయిర్ ఫ్రయర్లలో కొలత మార్చుకునే వీలు ఉండవచ్చు. కొన్నిటిలో రెండు బటన్లు కలిపి కాసేపు నొక్కితే మారిపోతుంది. పిల్లలు ఆడుకుంటూ నొక్కినా, తుడిచేటప్పుడు చెయ్యి తగిలినా మారవచ్చు. తెరమీద 180 అని ఉంటుంది, ఏ 180 అనేది ఒక్కోసారి మూలన చిన్న అక్షరంగా ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. అప్పుడు ఖాళీ ఓవెన్‌లో వేడి అంకెను పెంచుతూ పోండి, ఎక్కడ ఆగుతుందో చూడండి. 200, 230, 250 దగ్గర ఆగితే సెల్సియస్. 390, 400, 450, 550 దాకా పోతే ఫారెన్‌హీట్. అర నిమిషంలో తేలిపోతుంది.

అలా పెంచి చూడలేని పాత ఓవెన్ అయితే, వేడెక్కడానికి పట్టే సమయం చూడండి. 180 సెల్సియస్‌కు చేరడానికి ఇంటి ఓవెన్‌కు పది, పదిహేను నిమిషాలు పడుతుంది. రెండు మూడు నిమిషాల్లోనే బీప్ వస్తే అనుమానించండి. డల్లాస్‌లో ఆ అమ్మాయికి బీప్ త్వరగా వచ్చింది, కొత్త ఓవెన్ మంచిదనుకుంది. ఇంకా సందేహం ఉంటే పంచదార పరీక్ష ఉంది. రేకు కాగితాన్ని చిన్న దొన్నెలా మడిచి, ఒక చెంచా పంచదార పోసి, ఓవెన్‌ను 190 సెల్సియస్ అనుకున్న చోట వేడి చేసి లోపల పెట్టండి. పంచదార కరిగేది 186 ప్రాంతంలో. పావుగంటలో అంచులు కరగడం మొదలైతే మీ ఓవెన్ ఆ వేడికి చేరినట్టే. పలుకు పలుకుగా అలాగే ఉంటే చేరనట్టు. కొలత తప్పైనా, నాబ్ తప్పు చూపిస్తున్నా ఈ పరీక్ష బయటపెడుతుంది. కరిగిన పంచదార చర్మానికి అంటితే ఊడిరాదు, కాబట్టి దొన్నె పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి.

వంటను ఇతరులకు చెప్పేటప్పుడు మన వంతు ఒకటుంది. మీ నోటుపుస్తకంలో 180 అని ఉన్న ప్రతిచోటా పక్కన సెల్సియస్ అని రాసి, దాని పక్కనే 350 ఫారెన్‌హీట్ అని కూడా రాయండి. రెండు అంకెలూ పక్కపక్కనే ఉంటే చదివేవాళ్ల ఓవెన్ ఏదైనా ఒకటి సరిపోతుంది, లెక్క వేసే పని ఉండదు. ఫోన్‌లో చెప్పేటప్పుడు "180" అని ఆపేయకండి. "మన 180, మీ 350" అనండి. కూతురు అడగకపోయినా అనండి, ఎందుకంటే ఆమె ఓవెన్ అడగదు. ఫ్యాన్ తిరిగే ఓవెన్ అయితే ఆ సంగతి కూడా చెప్పండి. దానిలో అదే వంటకు ఇరవై సెల్సియస్ తగ్గించాలి, ఫారెన్‌హీట్‌లో అయితే పాతిక.

వీడియోలు చేసే తెలుగు అక్కచెల్లెళ్లకు, అన్నదమ్ములకు నా విన్నపం కూడా ఇదే. మీ మాట హైదరాబాదులో వింటారు, మా తొండియార్‌పేటలో వింటారు, డల్లాస్‌లో వింటారు. దయచేసి అంకెతోపాటు కొలత పేరు కూడా చెప్పండి.